ఫొటోలో తూనీగ: రెక్కల కన్నా కళ్లే గట్టి సాక్ష్యం

వరి గట్ల మీదా చెరువు ఒడ్డునా తీసిన తూనీగల ఫొటోల్లో రెండు వేర్వేరు వర్గాల కీటకాలు కలిసి ఉంటాయి. ఒకటి డ్రాగన్‌ఫ్లై, రెండోది డామ్సెల్‌ఫ్లై. రెండూ ఒడొనేటా క్రమానికి చెందినవే. వీటిని వేరు చేయడానికి సాధారణంగా మూడు గుర్తులు చూస్తారు: వాలినప్పుడు రెక్కలు పెట్టే తీరు, కళ్ల మధ్య ఎడం, ఒంటి లావు. అయితే ఈ మూడింటినీ ఒకే స్థాయిలో నమ్మకూడదు. ఫొటోలో ముందుగా కంటపడేది రెక్కల తీరే, కానీ పొరబాటుకు ఎక్కువగా దారితీసేదీ అదే.

మామూలు నియమం తేలికైనదే. డ్రాగన్‌ఫ్లై వాలాక కూడా నాలుగు రెక్కలనూ ఇరుపక్కలకు చాచి ఉంచుతుంది, ఒక్కోసారి ముందుకు వంచుతుంది. డామ్సెల్‌ఫ్లై వాటిని వీపు మీదుగా దగ్గరకు చేర్చుకుంటుంది. వరి పొలాల్లో, చెరువు గడ్డిలో కనిపించే పసుపు పొట్ట సెరియాగ్రియన్ కొరమాండెలియానమ్ ఇలాగే రెక్కలు ముడిచి కూర్చుంటుంది. దాన్ని చూసి ఎవరూ పొరబడరు.

ఇబ్బంది లెస్టెస్ ప్రజాతితో వస్తుంది. ఇవి డామ్సెల్‌ఫ్లైలే అయినా వాలినప్పుడు రెక్కలను సగం విప్పి, వెనక్కు ఏటవాలుగా ఉంచుతాయి. తెలుగు నేలలోనూ ఉన్న లెస్టెస్ ఎలాటస్ ఇందుకు మంచి ఉదాహరణ. రెక్కల నియమం ఒక్కటే పట్టుకుంటే దాన్ని డ్రాగన్‌ఫ్లై అనేస్తాం. దీనికి ఎదురు సందర్భమూ ఉంది. లార్వా చర్మం వదిలి అప్పుడే బయటికొచ్చిన డ్రాగన్‌ఫ్లై కొంతసేపు రెక్కలను వీపు మీద కలిపే ఉంచుతుంది. అప్పుడు రెక్కలు తడి తడిగా, పాలిపోయి మెరుస్తుంటాయి, ఒంటి రంగులు ఇంకా తేరుకోవు. పక్కనే రెల్లు కాడకు ఖాళీ చర్మం అంటుకుని కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు.

అందుకే కళ్లను చూడాలి. డామ్సెల్‌ఫ్లై తల అడ్డంగా సాగి, డంబెల్ లాగా రెండు చివర్లా చెరొక కన్నుతో ఉంటుంది. రెండు కళ్ల మధ్య ఎడం ఒక కంటి వెడల్పు కన్నా ఎక్కువే. డ్రాగన్‌ఫ్లైలలో చాలావాటికి పెద్ద కళ్లు నడినెత్తి మీద ఒక గీత వెంట కలుస్తాయి. ఇక్కడా ఒక మినహాయింపు ఉంది. చెరువు గట్టున ఎండుపుల్ల కొస మీద కూర్చునే నలుపు పసుపు చారల ఇక్టినోగొంఫస్ రాపాక్స్ గొంఫిడే కుటుంబానికి చెందిన డ్రాగన్‌ఫ్లై. దాని కళ్లు ఒకదానికొకటి తాకవు. అయినా ఆ సందు ఒక కంటి వెడల్పు కన్నా తక్కువే. కాబట్టి ‘కళ్లు తాకుతున్నాయా?’ అని అడిగితే సరిపోదు, ‘ఆ సందులో ఇంకో కన్ను పడుతుందా?’ అని అడగాలి. పడితే అది డామ్సెల్‌ఫ్లై.

ఒంటి లావును చివర్లో లెక్కలోకి తీసుకోవాలి. పొడవాటి పొట్ట సన్నగా కనిపించగానే డామ్సెల్‌ఫ్లై అనుకునేవారిని ఆర్థెట్రమ్ సబీనా బాగా తికమకపెడుతుంది. ఇది మన ఊళ్లలో విరివిగా కనిపించే డ్రాగన్‌ఫ్లై. దాని పొట్ట మొదట్లో ఉబ్బి, నడుమ బాగా సన్నబడి, చివర మళ్లీ కాస్త వెడల్పవుతుంది. అందుకే పొట్ట నడిమి భాగాన్ని కాక, పొట్ట మొదలునూ రెక్కలు పుట్టే రొమ్ము భాగాన్నీ చూడాలి. డామ్సెల్‌ఫ్లై పొట్ట మొదటి నుంచి చివరి దాకా ఇంచుమించు ఒకే సన్నదనంతో సాగుతుంది.

ఇప్పుడు ఒక ఫొటోను పరీక్షిద్దాం. గడ్డి కాడ మీద గోధుమ రంగు తూనీగ ఉంది, పొట్ట సన్నగా ఉంది, రెక్కలు సగం విప్పి ఉన్నాయి. అది లెస్టెసా, సబీనానా? ఫొటోను పెద్దది చేసి తల చూస్తే కళ్లు రెండు కొసల్లో వేరుగా ఉన్నాయి, మధ్యలో ఇంకో కన్ను పట్టేంత చోటుంది. పొట్ట మొదట్లో ఉబ్బు లేదు. చివరిగా రెక్కల మొదళ్లు చూస్తే ముందు, వెనుక రెక్కలు రెండూ ఒకే ఆకారంలో, ఒంటిని చేరేచోట కాడలా సన్నబడ్డాయి. డ్రాగన్‌ఫ్లై అయితే వెనుక రెక్క మొదలు ముందు రెక్క కన్నా స్పష్టంగా వెడల్పుగా ఉండేది. ఇది లెస్టెస్ అని ధైర్యంగా చెప్పవచ్చు.

ఇదే కీటకాన్ని సరిగ్గా పక్కనుంచి తీసి ఉంటే ఒక కన్నే కనిపించేది, ఎడం కొలిచే వీలుండేది కాదు. అలాంటప్పుడు పొట్ట మొదలు, రెక్కల మొదళ్లే ఆధారం. అవి కూడా మసకబారిన ఫొటోలో రెక్కల తీరును మాత్రమే చూసి పేరు పెట్టకూడదు. కెమెరా చేతిలో ఉన్నప్పుడే పక్కనుంచి ఒకటి, ఎదురుగానో పైనుంచో తల మీద ఫోకస్ పెట్టి మరొకటి తీసుకుంటే ఈ చిక్కు రాదు.