ఇంగ్లీషు వచ్చు... కానీ అక్కడే ఆగిపోయిందా?

సెంటినరీ కాలనీ క్వార్టర్స్‌లో ఉండే ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. కూతురి పురుటికి మూడు నెలల్లో అమెరికా వెళ్ళాలి. ఆవిడకు ఇంగ్లీషు రాదనడానికి లేదు. బ్యాంకు ఫారాలు నింపుతుంది, వార్తలు వింటుంది. కానీ పదేళ్ళుగా అవే మాటలు, అవే తప్పులు!

ఎందుకంటారా? ఆ మాత్రంతోనే పని గడిచిపోతోంది కనుక. తప్పుగా అన్నా ఎదుటివారికి అర్థమైతే ఆ తప్పు నాలుక మీద గట్టిపడిపోతుంది. 1972లో లారీ సెలింకర్ అనే భాషావేత్త దీన్ని శిలాజంగా మారడమన్నాడు. బొగ్గుగనుల్లో రాతి మీద కనిపించే ఆకు అచ్చు లాంటిదన్నమాట.

"బాగా మాట్లాడాలి" అనుకుంటే సరిపోదు. ఒక్క పని ఎంచుకోవాలి. ఆవిడకైతే, రాత్రి నుంచి పసివాడికి ఏమైందో డాక్టరుకు ఫోనులో చెప్పడం. ఆయన ఫస్ట్ షిఫ్టుకు వెళ్ళాక అదే సంగతి ముందు నాలుగు నిమిషాల్లో, తర్వాత మూడు, చివరికి రెండు నిమిషాల్లో చెప్పి ఫోనులో రికార్డు చేసుకోవాలి. సంగతి మారదు కాబట్టి తడుముకోవడం తగ్గుతుంది. అయితే తప్పులు వాటంతట అవి పోవు సుమా!

అందుకే ఆ రికార్డు కూతురికి పంపాలి. అన్ని తప్పులూ దిద్దవద్దని, ఒక్కటే పట్టమని చెప్పాలి. "బేబీ ఈజ్ క్రయింగ్ సిన్స్ టూ అవర్స్" అన్నారనుకోండి. "రెండు గంటల నుంచి ఏడుస్తున్నాడు" అనే మన వాక్యమే అది, ఇంగ్లీషు తొడుగుతో. "నుంచి" కాస్తా "సిన్స్" అయింది. "హాజ్ బీన్ క్రయింగ్ ఫర్ టూ అవర్స్" అనాలి. కూతురు వెంటనే సరైనది చెప్పేస్తే తల్లి "ఊ" అని ఊరుకుంటుంది. "మళ్ళీ చెప్పమ్మా" అంటే తనే దిద్దుకుంటుంది. ఇంకో రోజు జ్వరం గురించి ఏ ఆలోచనా లేకుండా సరిగ్గా అనేస్తే, ఆ తప్పు వదిలినట్టే. అప్పుడు రెండోది పట్టాలి.

ఇక వినడం. తేలిగ్గా అర్థమయ్యేవే వింటే కొత్త మాటలు రావు. అమెరికా తల్లులు పిల్లల గురించి మాట్లాడే వీడియో ఒక్క నిమిషం వినండి. విన్నది రాసి, కింద వచ్చే అక్షరాలతో సరిచూడండి. వాక్యానికి ఒకటి రెండు మాటలు జారితే సరైన బరువే. సగం జారితే మరోటి చూసుకోండి. రాసినప్పుడు తెలిసిన మాటే వింటే జారిపోయిందా? అయితే లోపం మాటల్లో లేదు, చెవిలో ఉంది. "గోయింగ్ టు"ను వాళ్ళు "గొన్నా" అంటారు మరి! అదే నిమిషాన్ని మళ్ళీ మళ్ళీ వినండి.

ఇంత చేసినా ప్రాణం మీదికొస్తే మొహమాటపడకండి. అక్కడి ఆస్పత్రులు చాలావరకు ఖర్చు లేకుండా దుబాసీని ఏర్పాటు చేస్తాయి. "తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్" అన్న మాట అందరికన్నా ముందు నేర్చుకోండి.