పిండకుండా తీసిన చుక్క

ఉప కేంద్రంలో గర్భిణికి చేసే హిమోగ్లోబిన్ పరీక్షకు చాలా యంత్రాల్లో పది మైక్రోలీటర్ల రక్తం చాలు. అంటే మిల్లీలీటరులో నూరో వంతు. ఇంత తక్కువతో పని జరగడం గొప్ప సదుపాయమే. కానీ అదే దీని బలహీనత కూడా. సిరంజితో తీసిన రెండు మిల్లీలీటర్లలో ఓ మైక్రోలీటరు నీరు కలిసినా తేడా తెలియదు. పదింటిలో కలిస్తే ఫలితమే మారిపోతుంది.

ఆ నీరు బయటి నుంచి రానక్కర్లేదు, వేలిలోనే ఉంటుంది. చర్మం కింద కణాల మధ్య ఎప్పుడూ కొంత పల్చటి ద్రవం ఉంటుంది. సూది గుచ్చినప్పుడు సన్నని రక్తనాళాలతో పాటు చుట్టూ ఉన్న కణజాలమూ చిట్లుతుంది కాబట్టి మొదటి చుక్కలో ఈ ద్రవం ఎక్కువ. అందుకే దాన్ని పొడి గాజుగుడ్డతో తుడిచేసి, తర్వాత వచ్చే చుక్కలనే వాడాలి. రక్తం సరిగా రావడం లేదని వేలి కొనను నొక్కి పిండితే మాత్రం తుడిచిన ప్రయోజనం పోతుంది. ఒత్తిడికి కణజాలంలోని ద్రవమంతా రక్తంతో పాటే బయటికి వస్తుంది.

ఎనిమిదో నెల గర్భిణి ఒకామెను తీసుకుందాం. ఆమె అసలు హిమోగ్లోబిన్ 11.4 గ్రాములు. ఈ నెలల్లో 11కు తగ్గితేనే రక్తహీనత అంటారు కాబట్టి ఆమెకు అది లేదు. చేతులు చల్లగా ఉన్నాయి, రక్తం రాలేదు, వేలిని పిండారు. పది మైక్రోలీటర్లలో ఒకటిన్నర మైక్రోలీటరు కణజాల ద్రవమే చేరిందనుకుందాం. మిగిలిన రక్తం ఎనిమిదిన్నర. పాలలో నీళ్లు కలిపినట్టే, చిక్కదనం ఆ మేరకు తగ్గి యంత్రం 9.7 చూపిస్తుంది. 7 నుంచి 9.9 వరకు మధ్యస్థ రక్తహీనత కింద లెక్క. రోజుకు ఒక ఐరన్ మాత్ర వేసుకోవలసిన ఆమెకు రెండు రాసిస్తారు. కడుపులో మంట, మలబద్ధకం వస్తే ఆ ఒక్కటి కూడా మానేసే ప్రమాదం ఉంది.

దీన్ని తప్పించే పని సూది గుచ్చక ముందే మొదలవుతుంది. చేతిని గోరువెచ్చని నీటితో సబ్బు పెట్టి కడిగించి, తుడిపించి, కాసేపు కిందికి వేలాడదీయమనాలి. వేడికి రక్తం వేలికి బాగా చేరుతుంది. నడిమి వేలు గానీ ఉంగరపు వేలు గానీ ఎంచుకోవాలి. బొటనవేలి చర్మం మందం, చిటికెన వేలిలో ఎముక మరీ దగ్గర. ఆరు నెలల లోపు పసిబిడ్డకైతే వేలు వద్దు, మడమ నుంచే తీస్తారు. స్పిరిట్ దూదితో తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే ఎర్రకణాలు పగులుతాయి, చుక్క గుండ్రంగా నిలవక పారుతుంది.

వేలి మెత్తటి భాగంలో సరిగ్గా మధ్యన కాక, కాస్త పక్కగా, ముద్ర గీతలకు అడ్డంగా గుచ్చాలి. గీతల వెంట గుచ్చితే రక్తం గాడిలో పడి జారిపోతుంది. లాన్సెట్‌ను చర్మానికి గట్టిగా ఆనించి ఒక్కసారి గుచ్చితే చాలు. భయంతో పైపైన గుచ్చినప్పుడే తర్వాత పిండవలసి వస్తుంది, నా దృష్టిలో సగం పొరపాట్లకు మూలం ఇదే. ప్రతి మనిషికీ కొత్త లాన్సెట్ వాడాలన్నదానికి మినహాయింపు లేదు. చుక్క ఆగిపోతే అరచేతి వైపు నుంచి మెల్లగా నిమిరి వదలడం వరకు పరవాలేదు. అప్పటికీ రాకపోతే మరో వేలికి కొత్తగా గుచ్చడమే మంచిది.

చుక్క లేత గులాబీ రంగులో నీళ్లగా పరుచుకుంటే అనుమానించాలి. మనిషిని చూస్తే రక్తహీనత లక్షణాలేవీ లేవు, అంకె మాత్రం బాగా తక్కువ వచ్చిందన్నా అంతే. క్యూవెట్‌లో గాలి బుడగ కనిపిస్తే దాన్ని పారేసి కొత్తది నింపాలి.

అన్నీ సరిగ్గా చేసినా ఒక పరిమితి మిగులుతుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఒకే వేలి నుంచి వరసగా తీసిన చుక్కలను పోల్చి, చుక్కకూ చుక్కకూ హిమోగ్లోబిన్ మారుతోందని చూపారు. సిర నుంచి తీసిన రక్తంలో ఉండే నిలకడ రావాలంటే ఆరు నుంచి తొమ్మిది చుక్కల సగటు తీయాల్సి వచ్చింది. మన దేశంలోనూ 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వేలి రక్తంతో అయిదేళ్ల లోపు పిల్లల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉందంది. 2016-18లో సిర రక్తంతో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో అది 41 శాతం. వయసులూ యంత్రాలూ వేరు కాబట్టి తేడా మొత్తాన్నీ వేలి చుక్కకు అంటగట్టలేం. అయినా 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రక్తహీనతను తేల్చడానికి సిర రక్తాన్నే వాడమని సూచించింది. వేలి పరీక్షలో 11కు అటూ ఇటూ వచ్చిన గర్భిణికి ఊదారంగు మూత గొట్టంలో సిర రక్తం తీసి ల్యాబుకు పంపడం అందుకే అవసరం.