కారణాలన్నీ ముందు, అసలు మాట చివర

అనంతపురం జిల్లా భూగర్భ జలాల గురించి ఒక డిగ్రీ విద్యార్థి ఇంగ్లిష్‌లో పేరా రాస్తున్నాడనుకుందాం. వాక్యం ముందు తెలుగులోనే పుడుతుంది: ‘రైతులు ఏటా కొత్త బోర్లు వేయడంతో, వానలు కూడా అదనుకు పడక, చెరువులు పూడిపోయి భూగర్భ జలాలు అడుగంటాయి.’ ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, దానికి ముందు ఎన్ని కారణాలు పేర్చినా వినేవాడు ఓపిగ్గా ఆగుతాడు.

అదే వరుస ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి చిక్కొస్తుంది. ‘యాజ్ ద ఫార్మర్స్ ఆర్ డిగ్గింగ్ బోర్‌వెల్స్...’ అంటూ మొదలై, రెండు ‘అండ్’లు దాటాక గానీ నీటిమట్టం ప్రస్తావన రాదు. వ్యాకరణం ఎక్కడా తప్పలేదు. కానీ కర్త, క్రియ మొదటే దొరకాలని ఎదురుచూసే ఇంగ్లిష్ పాఠకుడికి, చదువుతున్నది దేని గురించో సగం దాకా తెలియదు.

నెపమంతా తెలుగు మీద వేయడం అన్యాయం. ప్రమాద వార్త రాసే తెలుగు విలేకరి ఏం జరిగింది, ఎక్కడ, ఎంతమంది అన్నది ఇంట్రోలోనే చెప్పేస్తాడు. డొంకతిరుగుడులో సగం బడిలో అబ్బింది: ‘ఐ బెగ్ టు స్టేట్ దట్’ అనే పాత దఫ్తరు ఇంగ్లిష్ సెలవు చీటీల్లో, ‘ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్’ అనే ఎత్తుగడ గైడ్ల వ్యాసాల్లో.

అకడమిక్ ఇంగ్లిష్ పేరాకు మొదటి వాక్యమే ఆయువుపట్టు. దాన్ని టాపిక్ సెంటెన్స్ అంటారు. పేరా దేని గురించో తొలి వాక్యంలోనే తెలియాలని స్కాట్లాండ్ పండితుడు అలెగ్జాండర్ బెయిన్ 1866లో వెలువడిన తన రచనా బోధిని పుస్తకంలో సూత్రంగా పెట్టాడు. అంటే ఇది ఇంగ్లిష్‌కు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, పాఠంగా నేర్పగా స్థిరపడిన అలవాటు. మన పిల్లలకు ఆ పాఠం చెప్పినవాళ్లే తక్కువ.

మన విద్యార్థి పేరాను దిద్దాలంటే కొత్త పదాలేమీ అక్కర్లేదు. చివరి మాటను ముందుకు తేవాలి: ‘గ్రౌండ్‌వాటర్ ఈజ్ ఫాలింగ్ మెయిన్లీ బికాజ్ ఫార్మర్స్ డ్రిల్ న్యూ బోర్‌వెల్స్ ఎవ్రీ ఇయర్.’ ఈ ‘మెయిన్లీ’ దగ్గరే అతను ఆగాల్సి వస్తుంది. మూడు కారణాల్లో ఏది పెద్దదో ఇప్పుడు తేల్చుకోక తప్పదు. పాత వాక్యంలో మూడూ ఒకే పంక్తిలో కూర్చుని ఆ ప్రశ్నను తప్పించుకున్నాయి. బోర్లే ప్రధానమని అంటే, తర్వాతి రెండు మూడు వాక్యాలు బోర్ల లెక్కలకూ లోతులకూ పోతాయి. చెరువుల పూడిక మరో పేరాకు మారుతుంది.

అన్ని పేరాలూ ఇలాగే ఉండాలని లేదు. ఎదుటివాడి వాదాన్ని ముందు చెప్పి తర్వాత ఖండించే పేరాలో అసలు మాట రెండో, మూడో వాక్యంలో రావచ్చు. రాసింది సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి అధ్యాపకులు వాడే పద్ధతి ఒకటుంది: ప్రతి పేరాలో మొదటి వాక్యాన్ని మాత్రమే వరసగా చదవడం. వాదన అర్థమైతే సరే. ఎక్కడ తెగిందో, ఆ పేరా చివరి వాక్యాన్ని ఒకసారి చూడాలి; చాలాసార్లు టాపిక్ సెంటెన్స్ అక్కడే దొరుకుతుంది.