రోజంతా రికార్డింగులో 20 సెకన్ల ప్రకటనను పట్టేదెలా?

విజయవాడలో ఒక బట్టల దుకాణం శ్రావణమాసం అమ్మకాల కోసం ఎఫ్ఎం రేడియోలో ప్రకటన ఇచ్చిందనుకుందాం. 20 సెకన్ల స్పాట్, రోజుకు 12 సార్లు. మన దగ్గర రేడియో ప్రకటనల ధరను సాధారణంగా 10 సెకన్ల లెక్కన కడతారు. ఆ లెక్కన ఒక్కో ప్రసారానికి రెండు వంతుల సొమ్ము. నెలాఖరుకు బిల్లు వస్తుంది. దాంతోపాటు ఏ రోజు ఎన్ని గంటలకు ప్రకటన వినిపించిందో చెప్పే పట్టిక కూడా వస్తుంది. ఆ పట్టిక నిజమేనా అని చూసుకోవాలంటే ఎవరో ఒకరు పొద్దస్తమానం రేడియో దగ్గర కూర్చోవాలి. అది అయ్యే పని కాదు. కానీ ఒక రేడియోను కంప్యూటర్‌కు కలిపి 24 గంటల ప్రసారాన్నీ రికార్డు చేసి పెట్టుకోవడం తేలిక. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. అంత పొడవైన రికార్డింగులో ఆ 20 సెకన్లు ఎక్కడెక్కడ ఉన్నాయి?

కంప్యూటర్ శబ్దాన్ని అంకెల వరుసగా దాచుకుంటుంది. ఈ పనికి సెకనుకు 11,025 అంకెలు చాలు. ఆ లెక్కన రోజు మొత్తానికి సుమారు 95 కోట్ల అంకెలు, మన ప్రకటనకు 2,20,500 అంకెలు అవుతాయి. చిన్న వరుసను పెద్ద వరుస మీద జరుపుకుంటూ పోయి, ఎక్కడ సరిగ్గా అతుకుతుందో చూస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే అది ఎక్కడా సరిగ్గా అతకదు. స్టేషన్‌లోని యంత్రాలు మెల్లని శబ్దాలను పెంచి, పెద్ద శబ్దాలను అణిచి పంపుతాయి. గాలిలో వచ్చేటప్పుడు కొంత గరగర కలుస్తుంది. రికార్డింగును ఎంపీ3గా మార్చినప్పుడు మరికొంత సమాచారం పోతుంది. ప్రకటన మొదలవుతుండగా ఆర్జే తన చివరి మాట దాని మీదే పూర్తి చేస్తాడు. మన చెవికి రెండూ ఒకటే ప్రకటన. అంకెలు చూస్తే మాత్రం ఒక్కటీ కలవదు.

కాబట్టి ఇన్ని మార్పులు జరిగినా చెక్కుచెదరనిది ఆ శబ్దంలో ఏముందో చూడాలి. ఈ ప్రశ్నకు బాగా పనికొచ్చిన జవాబు షజామ్ సంస్థ నుంచి వచ్చింది. 2002లో బ్రిటన్‌లో మొదలైన ఆ సేవలో ఫోన్‌ నుంచి 2580 నంబరు నొక్కి, పక్కన మోగుతున్న పాటను వినిపిస్తే, అదేం పాటో సందేశం వచ్చేది. గోలగా ఉన్న చోటి నుంచి, నాసిరకం ఫోన్ మైకు ద్వారా వచ్చిన పాటను గుర్తుపట్టాల్సి వచ్చేది. దాని వెనకున్న పద్ధతిని ఆ సంస్థ శాస్త్రవేత్త ఏవరీ వాంగ్ 2003లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు. రేడియో రికార్డింగుల్లో ప్రకటనలు వెతికే అనేక ప్రోగ్రాములకు ఇప్పటికీ అదే పునాది.

ఆ పద్ధతిలో మొదటి మెట్టు శబ్దాన్ని బొమ్మగా మార్చడం. అడ్డంగా కాలం, నిలువుగా ఫ్రీక్వెన్సీ, అంటే స్వరం ఎంత కీచుగా ఉందో ఎంత బొంగురుగా ఉందో చూపే కొలత. ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో దాన్నిబట్టి ఆ చోటు వెలుగుతుంది. ఈ బొమ్మను స్పెక్ట్రోగ్రామ్ అంటారు. ఇందులో చుట్టుపక్కల వాటికంటే బాగా వెలిగే చుక్కలను మాత్రమే ఉంచి, తక్కినదంతా చెరిపేస్తారు. మిగిలేది ఆకాశంలో చుక్కల పటంలా ఉంటుంది. మబ్బు పట్టిన రాత్రి చిన్న చుక్కలు మాయమైనా పెద్ద చుక్కలు ఎలా కనిపిస్తాయో, శబ్దం ఎంత పాడైనా ఈ చుక్కల్లో చాలావరకు ఉన్నచోటే ఉంటాయి. స్టేషన్ యంత్రం శబ్దాన్ని పెంచినా తగ్గించినా చుక్క వెలుగు మారుతుంది, దాని చోటు మారదు.

ఒంటరి చుక్కతో పెద్దగా ఉపయోగం లేదు. ఒకే ఫ్రీక్వెన్సీలో రోజంతా వేల చుక్కలు ఉంటాయి. అందుకే ఒక చుక్కను దాని తర్వాత వచ్చే మరో చుక్కతో జత కలుపుతారు. మొదటి చుక్క ఫ్రీక్వెన్సీ, రెండో చుక్క దానికి ఎంత పైన లేదా కింద ఉంది, ఆ రెంటి మధ్య ఎంత వ్యవధి. ఈ మూడు సంఖ్యలను కలిపి ఒక ఆనవాలుగా రాసుకుంటారు. అది ఏ సమయంలో కనిపించిందో కూడా పక్కనే రాస్తారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాన్ ఎల్లిస్ ఇదే పద్ధతి మీద audfprint అనే ప్రోగ్రాము రాసి అందరికీ ఉచితంగా అందించారు. మామూలుగా అది సెకనుకు సుమారు 20 ఆనవాళ్లు తీస్తుంది. అంటే మన ప్రకటనకు 400, రోజంతా సాగిన రికార్డింగుకు 17 లక్షల 28 వేలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ ప్రోగ్రాములో రాయగలిగే వేర్వేరు ఆనవాళ్లు సుమారు 10 లక్షల 48 వేలే. కాబట్టి మన ప్రకటనలోని ఒక్కో ఆనవాలు, ఆ రోజు ప్రకటన అసలు రాకపోయినా, ఏదో పాటలోనో ఎవరి మాటలోనో ఒకటి రెండు సార్లు యాదృచ్ఛికంగా తగులుతుంది. 400 ఆనవాళ్లకు కలిపి 660 దాకా అబద్ధపు కలయికలు ఉంటాయి. కొన్ని ఆనవాళ్లు మిగతావాటికంటే తరచుగా వస్తాయి కనుక నిజానికి ఇంకా ఎక్కువే ఉండొచ్చు. కలిసినవి ఎన్ని అని మాత్రమే లెక్కపెడితే దొరికిందో లేదో తేల్చలేం.

తేల్చేది కాలం. ప్రకటన మొదలైన 3.2 సెకన్లకు వచ్చే ఒక ఆనవాలు రికార్డింగులో ఉదయం 8 గంటల 14 నిమిషాల 27.2 సెకన్ల దగ్గర కనిపించిందనుకోండి. అది నిజమైన కలయికే అయితే ప్రకటన 8:14:24కు మొదలై ఉండాలి. ప్రకటనలో 7.5 సెకన్ల దగ్గరున్న మరో ఆనవాలు 8:14:31.5కు కనిపించింది. అదీ 8:14:24నే చూపిస్తోంది. 14.1 సెకన్ల దగ్గరిది 8:14:38.1కు దొరికింది. మళ్లీ అదే సమయం. ఇలా ప్రతి కలయికకూ రికార్డింగు సమయంలోంచి ప్రకటనలోని సమయం తీసేసి, ఏ ఆరంభ క్షణానికి ఎన్ని ఓట్లు పడ్డాయో లెక్కిస్తారు. ప్రోగ్రాము కాలాన్ని సెకనులో 43వ వంతు ముక్కలుగా చూస్తుంది కాబట్టి రోజు మొత్తంలో ఆరంభ క్షణాలు సుమారు 37 లక్షలు. ఆ 660 అబద్ధపు ఓట్లు ఈ 37 లక్షల గళ్లలో చెల్లాచెదురై, ఎక్కడికక్కడ ఒకటి, అరుదుగా రెండు పడతాయి. ప్రకటన నిజంగా వచ్చిన చోట, గరగరలో మూడు వంతుల ఆనవాళ్లు పోయినా, మిగిలిన 100 ఓట్లూ ఒక్క గడిలోనే పడతాయి. ఈ పద్ధతి అడిగేది శబ్దాలు ఎంత పోలి ఉన్నాయని కాదు, దొరికిన సాక్ష్యాలన్నీ ఒకే సమయం చెబుతున్నాయా అని.

ఎన్ని ఓట్లు పడితే నమ్మాలన్నది ఊహించి పెట్టకూడదు. దానికి మంచి పరీక్ష ఒకటుంది. ఆ రోజుకు ఇంకా తయారే కాని ప్రకటనను, అంటే తర్వాతి నెలలో రికార్డు చేసినదాన్ని, అదే రికార్డింగులో వెతకాలి. అది అందులో ఉండే అవకాశమే లేదు. అయినా దానికి అత్యధికంగా ఏడెనిమిది ఓట్లు వచ్చాయంటే, అంతవరకు వచ్చేదంతా వట్టి చప్పుడని తెలిసినట్టే. గీత దానికి తగినంత పైన గీయాలి. రెండో వైపు పరీక్ష కూడా అవసరమే. రికార్డింగులో ఏదో ఒక గంటను మనిషే విని రాసుకుని, ప్రోగ్రాము జాబితాతో పోల్చాలి. అప్పుడే తప్పిపోయినవి బయటపడతాయి.

తప్పిపోవడానికి ప్రధాన కారణం వేగం. ప్రకటనను రెండు శాతం వేగంగా వినిపిస్తే చెవికి తేడా తెలియదు. కానీ 1,500 హెర్ట్జ్ దగ్గరున్న చుక్క 30 హెర్ట్జ్ పైకి జరుగుతుంది. బొమ్మలో ఒక్కో గడి ఎత్తు 21.5 హెర్ట్జ్ మాత్రమే కావడంతో చుక్క పక్క గడిలోకి వెళ్లిపోయి ఆనవాలు మారిపోతుంది. చెవికి స్పష్టంగా వినిపిస్తున్న ప్రకటనకు ఓట్లు దాదాపు సున్నా వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది వేగాన్నే. ప్రకటనను ఒకటి, రెండు శాతం వేగం పెంచీ తగ్గించీ నకళ్లు చేసి వాటితో కూడా వెతికితే అది దొరుకుతుంది. ఆర్జే చూసి చదివిన ప్రకటన మాత్రం ఎలాగూ దొరకదు. మాటలు అవే అయినా గొంతులోంచి రెండుసార్లు ఒకే శబ్దం రాదు.

ఇంకో చిక్కు దీనికి వ్యతిరేకమైనది. ఒకే సంగీతం మీద తెలుగు మాటలతో ఒక ప్రకటన, హిందీ మాటలతో మరొకటి తయారవుతుంది. హైదరాబాద్ స్టేషన్లలో రెండూ వినిపించవచ్చు. తెలుగు ప్రకటన కోసం వెతికితే హిందీది కూడా గీత దాటుతుంది. అప్పుడు మొత్తం ఓట్లను కాకుండా అవి ప్రకటనలో ఏయే సెకన్ల దగ్గర పడ్డాయో చూడాలి. అసలు ప్రకటన అయితే ఓట్లు 20 సెకన్ల పొడవునా పడతాయి. సంగీతం మాత్రమే కలిస్తే మాటల మధ్య ఖాళీల దగ్గర గుంపులు గుంపులుగా పడతాయి. మొదటి 9 సెకన్లలోనే పడి ఆగిపోయాయంటే ప్రకటనను మధ్యలో కోసేశారన్నమాట, లేదా అది పొట్టి రూపం. దుకాణదారుడికి ఈ తేడా బిల్లులో కనిపించాల్సిన తేడా.

వెతకడానికి చేతిలో ప్రకటనే లేకపోతే? పోటీ దుకాణాలు ఏమేం ప్రకటనలు ఇస్తున్నాయో తెలుసుకోవాలంటే అదే పరిస్థితి. అప్పుడు రికార్డింగును దానితోనే పోలుస్తారు. పొద్దున వచ్చిన ఆనవాళ్ల వరుస మధ్యాహ్నం మళ్లీ అదే వ్యవధులతో వస్తే, అక్కడ ఏదో పునరావృతమైనట్టు. నాలుగైదు నిమిషాల పొడవుంటే పాట, పది నుంచి నలభై సెకన్లుంటే బహుశా ప్రకటన, అయిదారు సెకన్లదై గంటకు చాలాసార్లు వస్తే స్టేషన్ పేరు చెప్పే జింగిల్. ఇక్కడ కష్టమంతా హద్దుల దగ్గరే. రెండు ప్రకటనలు ఎప్పుడూ ఒకదాని వెంట ఒకటి వస్తే ప్రోగ్రాముకు అవి 40 సెకన్ల ఒకే వస్తువుగా కనిపిస్తాయి. ఏదో ఒక విరామంలో వాటి వరుస మారినప్పుడే మధ్యలోని అతుకు తెలుస్తుంది. అందుకే ఒక్క రోజు రికార్డింగుతో కాకుండా వారం రోజులది కలిపి చూస్తే హద్దులు కచ్చితంగా తేలతాయి.

చివరగా గడియారం సంగతి. కంప్యూటర్ సౌండ్ కార్డులోని గడియారంలో లక్షలో అయిదు వంతుల తేడా ఉందనుకుంటే, 20 సెకన్ల ప్రకటనలో అది లెక్కలోకే రాదు. కానీ రోజు గడిచేసరికి 4 సెకన్లు దాటుతుంది. రికార్డింగును గంటకో ఫైలుగా కోసి, ప్రతి ఫైలు ఆరంభ సమయాన్ని ఇంటర్నెట్ గడియారం నుంచి రాసుకుంటే ఆ తేడా పేరుకోదు.

ఇదంతా అయ్యాక దుకాణదారుడి చేతికి వచ్చేది ఒక పట్టిక. ప్రతి వరుసలో ప్రకటన మొదలైన సమయం, ఎన్ని ఓట్లు పడ్డాయి, ఏ సెకను నుంచి ఏ సెకను దాకా కలిసింది. స్టేషన్ పట్టికతో కలిసిన వరుసలను వదిలేసి, కలవని రెండు మూడింటి దగ్గర రికార్డింగులోని ఆ అర నిమిషం ముక్కను కోసి వినాలి. వేగం మారిందా, ఆర్జే చదివాడా, ప్రకటన కోతకు గురైందా, అసలు రానే లేదా అన్నది అక్కడ తేలుతుంది. బిల్లు గురించి మాట్లాడటానికి స్టేషన్‌కు వెళ్లేటప్పుడు ఓట్ల లెక్క కంటే ఆ ముక్కలే పనికొస్తాయి. వాటిని ఇద్దరూ కలిసి వినవచ్చు.