డివిడెండా, బైబ్యాకా: కంపెనీ సొమ్ము చేతికొచ్చే రెండు దారులు

2025 సెప్టెంబరులో ఇన్ఫోసిస్ తన షేర్లను తానే తిరిగి కొంటానని ప్రకటించింది. షేరుకు 1,800 రూపాయల చొప్పున 10 కోట్ల షేర్లు, మొత్తం 18,000 కోట్ల రూపాయలు. అప్పటికి మార్కెట్లో ఆ షేరు 1,500 దాటి కొద్దిగా పలుకుతోంది. అంటే షేరుకు దాదాపు 300 రూపాయలు ఎక్కువిచ్చి కొంటానంటోంది. నెల తిరిగాక ఇంకో వార్త వచ్చింది. నారాయణమూర్తి, నందన్ నీలేకని కుటుంబాలతో సహా ప్రమోటర్లెవరూ ఈ బైబ్యాక్‌లో పాల్గొనడం లేదట. కంపెనీలో 13 శాతం వాటా వాళ్ళదే. అంత ఎక్కువ ధర ఇస్తామంటుంటే, లెక్కలు బాగా తెలిసిన వాళ్ళు ఎందుకు వద్దనుకున్నారు?

దీనికి జవాబు దొరకాలంటే ముందు ఒక పాత వాదన దగ్గరికి వెళ్ళాలి. 1961లో మెర్టన్ మిల్లర్, ఫ్రాంకో మోడిగ్లియాని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చాలామందికి మింగుడుపడని మాట ఒకటి చెప్పారు. కంపెనీ పెట్టుబడి పథకాలు మారనంతవరకు, పన్నులూ ఖర్చులూ లేవనుకుంటే, డివిడెండ్ ఎంత ఇచ్చినా వాటాదారుడి మొత్తం సంపద మారదన్నారు. డివిడెండ్ ఇవ్వడమంటే వాటాదారుడి ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేయడమే. ఇది నమ్మాలంటే లెక్క వేసి చూడాల్సిందే.

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. దాని షేర్లు 10 కోట్లు, షేరు ధర 500 రూపాయలు. అంటే కంపెనీ మొత్తం విలువ 5,000 కోట్లు. ఇందులో 500 కోట్లు వ్యాపారానికి అక్కర్లేని నగదు. వ్యాపారం మీద ఏడాదికి 250 కోట్ల లాభం వస్తుంది. మీ దగ్గర ఈ కంపెనీ షేర్లు 1,200 ఉన్నాయి, వాటి విలువ 6 లక్షలు.

ఆ 500 కోట్లను కంపెనీ డివిడెండ్‌గా పంచితే షేరుకు 50 రూపాయలు వస్తుంది. మీ బ్యాంకు ఖాతాలో 60,000 పడతాయి. కానీ కంపెనీలో ఇక మిగిలింది 4,500 కోట్ల విలువే కాబట్టి ఎక్స్-డేట్ నాడు షేరు 500 నుంచి 450కి దిగుతుంది. మీ 1,200 షేర్ల విలువ 5,40,000. నగదుతో కలిపితే మళ్ళీ 6 లక్షలే. నిజ జీవితంలో ఆ రోజు మార్కెట్ కదలికలు కూడా కలుస్తాయి కాబట్టి ధర సరిగ్గా అంతే తగ్గకపోవచ్చు. అయినా డివిడెండ్ కోసం ముందురోజు షేరు కొని, మర్నాడు అమ్మేద్దామనుకునే వాళ్ళు గుర్తుంచుకోవాల్సిన తరుగు ఇదే.

అదే 500 కోట్లతో కంపెనీ మార్కెట్ ధరకే, అంటే 500కే, షేర్లు తిరిగి కొంటే కోటి షేర్లు రద్దవుతాయి. మిగిలేవి 9 కోట్ల షేర్లు, 4,500 కోట్ల విలువ. షేరు ధర 500 దగ్గరే ఉంటుంది. మీరు మీ వంతు పదో భాగం, 120 షేర్లు ఇస్తే 60,000 చేతికొస్తాయి, మిగిలిన 1,080 షేర్ల విలువ 5,40,000. ఇక్కడా మొత్తం 6 లక్షలే. అసలు ఇవ్వకపోయినా మీ 1,200 షేర్లూ 6 లక్షల దగ్గరే ఉంటాయి.

బైబ్యాక్ వల్ల ఈపీఎస్, అంటే షేరుకు వచ్చే లాభం, పెరుగుతుందని కంపెనీలు గొప్పగా చెప్పుకుంటాయి. మన లెక్కలో అది 25 నుంచి 27.78కి పెరిగిన మాట నిజమే. కానీ 500 రూపాయల ధరను 27.78తో భాగిస్తే 18 వస్తుంది. డివిడెండ్ దారిలో 450ని 25తో భాగించినా అదే 18. లాభంతో పోలిస్తే షేరు ఖరీదు రెండు దారుల్లోనూ ఒకటే. పెరిగిన ఈపీఎస్ ఒక్కదాన్నే చూసి కంపెనీ మెరుగైందని అనుకోకూడదు.

ఇక్కడిదాకా అందరికీ సమానమే. మార్కెట్ కంటే ఎక్కువ ధర ఇవ్వగానే లెక్క మారుతుంది. మన కంపెనీ 500కి బదులు 600 ఇచ్చిందనుకోండి. అదే 500 కోట్లకు ఈసారి 83 లక్షల చిల్లర షేర్లే వస్తాయి. మిగిలిన షేర్ల ధర లెక్క ప్రకారం 491 రూపాయల దగ్గర ఆగుతుంది. మీ వంతుకు వచ్చే 100 షేర్లు ఇస్తే 60,000 వస్తాయి, మిగిలిన 1,100 షేర్లకు 5,40,000. మళ్ళీ 6 లక్షలే. ఏమీ ఇవ్వకుండా ఊరుకుంటే మీ 1,200 షేర్ల విలువ 5,89,000 దగ్గర తేలుతుంది. ఆ పదకొండు వేల రూపాయలు షేర్లు ఇచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాయి. ఎక్కువ ధర బైబ్యాక్ అంటే ఇచ్చినవాళ్ళకు, ఇవ్వనివాళ్ళ విలువలోంచి కొంత మార్చడమే. కొత్త సంపద ఏదీ పుట్టలేదు. సెబీ నిబంధనల ప్రకారం 2 లక్షల విలువ దాటని చిన్న వాటాదారులకు ఇలాంటి టెండర్ బైబ్యాక్‌లో 15 శాతం కేటాయించాలి. ఈ మార్పిడిలో చిన్నవాళ్ళు నష్టపోకుండా ఉండటానికి అది అడ్డుకట్ట. వాటిని వాడుకోకుండా ఈమెయిల్ చూడక వదిలేసేవాళ్ళు ఎందరో ఉండటం నాకు బాధగా ఉంటుంది.

మరి ఇన్ఫోసిస్ ప్రమోటర్లు ఈ లెక్క తెలిసీ ఎందుకు ఇవ్వలేదు? మిల్లర్, మోడిగ్లియానిలు పక్కన పెట్టిన పన్ను ఇక్కడే ముందుకొస్తుంది.

2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో డివిడెండ్ మీద పన్ను వాటాదారుడి శ్లాబును బట్టి పడుతోంది. 2024 అక్టోబరు 1 నుంచి బైబ్యాక్ సొమ్మును కూడా డివిడెండ్‌గానే లెక్కగట్టారు. లాభం ఒక్కటే కాదు, వచ్చిన మొత్తం డబ్బంతా. దానికి బదులుగా, ఇచ్చిన షేర్లను కొన్న ధరను మూలధన నష్టంగా చూపించుకునే వీలిచ్చారు. ఇన్ఫోసిస్ బైబ్యాక్ జరిగింది ఈ నిబంధన కిందే.

మన లెక్కకు దీన్ని అన్వయిద్దాం. సెస్సు, సర్‌చార్జి పక్కన పెడదాం. మీరు 30 శాతం శ్లాబులో ఉన్నారు, షేరు 300కి కొన్నారు. బైబ్యాక్‌లో వచ్చిన 60,000 మీద 18,000 పన్ను. కొన్న ధర 30,000 నష్టంగా మిగులుతుంది. తర్వాత వచ్చే దీర్ఘకాలిక మూలధన లాభంలో దాన్ని సర్దుకుంటే, 12.5 శాతం చొప్పున 3,750 రూపాయల పన్ను తగ్గుతుంది. ఆదాయం పన్ను పరిధిలోకి రాని ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలికి ఇదే 60,000 మీద పన్నే ఉండకపోవచ్చు. ఇంకోవైపు, 1981లో కంపెనీ పెట్టినవాళ్ళకు షేరు కొన్న ధర దాదాపు సున్నా. చూపించుకునే నష్టం లేదు, శ్లాబు అన్నిటికన్నా పైది. 300 ఎక్కువిచ్చి, 1,800 మీద మూడోవంతుకు పైగా పన్నుకే పోతే మిగిలేది మార్కెట్ ధర కన్నా తక్కువే. ప్రమోటర్ల నిర్ణయానికి ఈ లెక్కే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

ఒకే షేరు, ఒకే ఆఫరు, ముగ్గురికి మూడు జవాబులు. దీన్నే క్లయింటెల్ ఎఫెక్ట్ అంటారు. ప్రతి కంపెనీ చుట్టూ దాని పంపిణీ పద్ధతి నచ్చినవాళ్ళు చేరతారు. నెలనెలా ఖర్చులకు డబ్బు కావాల్సినవాళ్ళు డివిడెండ్ ఇచ్చే కంపెనీల వైపు, పై శ్లాబులో ఉండి ఇప్పుడప్పుడే డబ్బు అక్కర్లేనివాళ్ళు లాభాన్ని వ్యాపారంలోనే ఉంచే కంపెనీల వైపు వెళతారు. మన దేశంలో అతిపెద్ద డివిడెండ్ వాటాదారు కేంద్ర ప్రభుత్వమే. 2024 నవంబరు మార్గదర్శకాల ప్రకారం కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు నికర లాభంలో 30 శాతం, నికర విలువలో 4 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంత డివిడెండ్ ఇవ్వాలి. కోల్ ఇండియా లాంటి షేర్లు డివిడెండ్ కోసం కొనేవాళ్ళ దగ్గర కనిపించడానికి ఇదొక కారణం. అందుకే కంపెనీ తన పద్ధతిని హఠాత్తుగా మారిస్తే, పాత వాటాదారులు అమ్ముకుని వెళ్ళిపోతారు, కొత్తవాళ్ళు వచ్చేదాకా ధర కుదుపులకు లోనవుతుంది.

పన్ను నియమం మారితే ఈ గుంపులూ కదులుతాయి. 2026 బడ్జెట్‌లో బైబ్యాక్ సొమ్మును తిరిగి మూలధన లాభంగా చూడాలని, ప్రమోటర్ల మీద మాత్రం అదనపు పన్ను వేయాలని ప్రతిపాదించారు. ఆ లెక్కన మన ఉదాహరణలో మీకు పన్ను పడేది 30,000 లాభం మీదే. అది కూడా ఏడాదికి 1,25,000 మినహాయింపు లోపలే కాబట్టి, వేరే లాభాలు లేకపోతే, పన్ను సున్నా.

ఇక సంకేతాల సంగతి. కంపెనీ లోపల ఏం జరుగుతోందో యాజమాన్యానికి తెలిసినంతగా మనకు తెలియదు. మాటలు ఎవరైనా చెప్పగలరు, ప్రతి మూడు నెలలకూ నగదు పంచడం మాత్రం డబ్బు లేనివాళ్ళ వల్ల కాదు. 1956లో జాన్ లింట్నర్ అనే ఆర్థికవేత్త 28 అమెరికా కంపెనీల యాజమాన్యాలతో మాట్లాడి తేల్చింది ఇదే. లాభం పెరిగినంత వేగంగా డివిడెండ్ పెంచరు. పెంచితే తిరిగి తగ్గించాల్సి వస్తుందేమోనన్న భయం వాళ్ళది. అందుకే పెంపు అంటే మున్ముందు కూడా ఇంత ఇవ్వగలమన్న హామీ, కోత అంటే ప్రమాద ఘంటిక అని మార్కెట్ అనుకుంటుంది.

ఆ భయం ఎంత బలమైనదో 1994లో ఫ్లోరిడాలో తెలిసింది. అక్కడి విద్యుత్ కంపెనీ ఎఫ్‌పీఎల్ గ్రూప్ దశాబ్దాలుగా డివిడెండ్ పెంచుతూ వచ్చింది. ఆ ఏడాది మే నెలలో మూడు నెలల డివిడెండ్‌ను 62 సెంట్ల నుంచి 42కి తగ్గించి, బదులుగా షేర్లు తిరిగి కొంటామంది. కంపెనీ ఆరోగ్యంగానే ఉంది. విద్యుత్ రంగంలో పోటీ రాబోతోందని, అప్పటికి డబ్బు చేతిలో ఉంచుకోవాలని అనుకుంది. అయినా ఆ ఒక్కరోజే షేరు దాదాపు 14 శాతం పడిపోయింది. డివిడెండ్ కోసమే దాన్ని పెట్టుకున్నవాళ్ళు వెళ్ళిపోయారు. కారణాలు మార్కెట్‌కు అర్థమయ్యాక ఏడాదిలోపే పోయిన విలువ తిరిగొచ్చింది. ఒక కోత నిజంగా చెడ్డ వార్తా కాదా అన్నది ధర పడిన రోజు తేలదు. కంపెనీ చెప్పిన కారణం నగదు లెక్కలతో సరిపోతోందా అన్నదే చూడాలి.

బైబ్యాక్ సంకేతం డివిడెండ్ కంటే బలహీనం, ఎందుకంటే అది ఒకసారి చేసి ఊరుకోవచ్చు, వచ్చే ఏడాదికి మాట ఇచ్చినట్టు కాదు. ఏ సంకేతాన్ని నమ్మాలో తేల్చుకోవడానికి వార్షిక నివేదికలో రెండు చోట్ల చూస్తే సరిపోతుంది. ఒకటి నగదు ప్రవాహ పట్టిక. వ్యాపారంలో వచ్చిన నగదులోంచి కొత్త యంత్రాలు, కట్టడాల ఖర్చు తీసేస్తే మిగిలినదాని కన్నా పంచినది ఏటా ఎక్కువగా ఉంటే, ఆ డబ్బు అప్పుగానో పాత నిల్వల్లోంచో వస్తోందన్నమాట. రెండోది చెలామణిలో ఉన్న షేర్ల సంఖ్య. ఐదేళ్ళలో వేలకోట్ల బైబ్యాక్‌లు చేసి కూడా ఆ సంఖ్య తగ్గలేదంటే, కొన్నన్ని షేర్లూ ఉద్యోగులకు కొత్తగా ఇచ్చినవాటిని సర్దడానికే పోయి ఉంటాయి, మిగతా వాటాదారుల వాటా ఏమాత్రం పెరగలేదు.