దురద లేని తెల్లమచ్చ... బొల్లా? శోభి మచ్చా?

ఒంటి మీద తెల్లమచ్చ కనిపించింది. దురద లేదు, మంట లేదు, నొప్పి అంతకంటే లేదు. ఎర్రటి దద్దురైతే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లు కూడా, ఈ మచ్చను మాత్రం చొక్కా కింద దాచుకుని ‘బొల్లేమో’నని నెలల తరబడి లోలోపలే కుమిలిపోతుంటారు. నిజానికి యువతలో మెడ, ఛాతీ, వీపు మీద వచ్చే పాలిపోయిన మచ్చల్లో చాలావరకు బొల్లి కాదు... శోభి. ఈ రెండింటికీ కారణం వేరు, చికిత్స వేరు. దేన్ని ఎలా గుర్తించాలి, ఆ తర్వాత ఏం చేయాలి?

ఉప్పల్ దాటి వరంగల్ హైవే మీద నారపల్లి వైపు నుంచి రోజూ బైక్‌పై నాచారం పారిశ్రామికవాడకు వెళ్లివచ్చే 24 ఏళ్ల యువకుడిని ఉదాహరణగా తీసుకుందాం. ఎండాకాలంలో చెమటతో తడిసిన చొక్కా రోజంతా ఒంటి మీదే ఉంటుంది. జూన్ నాటికి మెడ కింద, భుజాల మీద చిన్నచిన్న మచ్చలు మొదలయ్యాయి. జులైకల్లా అవి ఒకదానితో ఒకటి కలిసి వీపంతా పటంలా పరచుకున్నాయి. ఇంట్లో ఒకపక్క పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. తల్లికి నిద్ర పట్టడం లేదు. ఇలాంటి కుటుంబం ముందుగా తెలుసుకోవాల్సింది, చర్మంలో ఏం జరుగుతోందన్నది.

శోభి అంటే...

మన అందరి చర్మం మీదా ‘మలసీజియా’ అనే ఒక రకం ఈస్ట్ ఫంగస్ ఉంటుంది. చర్మం నుంచి వచ్చే నూనెను తిని బతుకుతుంది. మామూలు రోజుల్లో ఏ హానీ చేయదు. ఉక్కపోత, చెమట, జిడ్డు చర్మం తోడైనప్పుడు అది రూపు మార్చుకుని సన్నటి పోగుల్లా పెరుగుతుంది. ఆ సమయంలో అది తయారుచేసే కొన్ని ఆమ్లాలు చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అడ్డుకుంటాయి. అందుకే మచ్చ పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే... రంగు తయారుచేసే కణాలు చనిపోలేదు, పని మాత్రం మందగించింది. కొందరిలో ఇవే మచ్చలు గోధుమరంగులోనూ ఉంటాయి.

శోభి ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు. శుభ్రంగా లేకపోవడం వల్ల వచ్చేదీ కాదు. రోజుకు రెండుసార్లు స్నానం చేసేవారికీ వస్తుంది.

బొల్లి అంటే...

బొల్లిలో కథ వేరు. మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున మెలనిన్ తయారుచేసే కణాలపై దాడి చేసి వాటిని నశింపజేస్తుంది. అందుకే మచ్చ పాలిపోవడం కాదు, సుద్దముక్కలా పూర్తిగా తెల్లబడుతుంది. అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. కళ్ల చుట్టూ, పెదవుల పక్కన, వేళ్ల చివర్లు, మోచేతులు, మోకాళ్లు, పాదాల మీద ఎక్కువగా మొదలవుతుంది. చాలామందిలో కుడివైపు వచ్చినట్టే ఎడమవైపూ వస్తుంది. గీసుకున్నచోట, దెబ్బ తగిలినచోట కొత్త మచ్చ రావచ్చు. మచ్చ మీది వెంట్రుకలు కూడా తెల్లబడవచ్చు.

బొల్లి కూడా అంటువ్యాధి కాదు. చేపలు తిని పాలు తాగడం వల్ల వస్తుందన్నది అపోహ. నిమ్మకాయ, పులుపు మానేస్తే తగ్గుతుందనడానికీ ఆధారం లేదు.

ఇంట్లో చూసుకోగల గుర్తులు

మచ్చను పగటి వెలుతురులో చూడండి. స్నానం చేసిన వెంటనే కాకుండా, చర్మం పొడిగా ఉన్నప్పుడు మచ్చను గోటితో మెల్లగా గీకండి. లేదా రెండు వేళ్లతో చర్మాన్ని సాగదీయండి. సన్నటి పిండి రాలినట్టు పొట్టు లేస్తే అది శోభి కావడానికే అవకాశం ఎక్కువ. బొల్లి మచ్చ మామూలు చర్మంలాగే నున్నగా ఉంటుంది, పొట్టు రాలదు.

అయితే ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. అప్పటికే ఏదైనా క్రీమ్ రాసి ఉంటే పొట్టు కనిపించకపోవచ్చు. ఫంగస్ చనిపోయి తెలుపు మాత్రం మిగిలిన పాత మచ్చలోనూ పొట్టు ఉండదు. కాబట్టి పొట్టు ఉంటే ధైర్యపడవచ్చు గానీ, లేనంత మాత్రాన బొల్లి అని తేల్చుకోకూడదు.

మరొక పరీక్ష తప్పకుండా చేయాలి. కళ్లు మూసుకోమని చెప్పి, దూదిపోగుతో మచ్చను, పక్కనున్న మామూలు చర్మాన్ని మార్చి మార్చి తాకండి. మచ్చ మీద స్పర్శ తెలియకపోయినా, తక్కువగా తెలిసినా అది శోభీ కాదు, బొల్లీ కాదు... కుష్ఠును అనుమానించాలి. భయపడాల్సిన పనిలేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీనికి మందులు ఉచితం, 6 నుంచి 12 నెలల్లో కోర్సు పూర్తవుతుంది. ఆలస్యం చేస్తేనే నరాలు దెబ్బతింటాయి. కుష్ఠు తొలిదశలో స్పర్శ మామూలుగానే ఉండవచ్చు కాబట్టి, స్పర్శ తెలిసినా మచ్చను డాక్టర్‌కు చూపించాల్సిందే.

పిల్లల బుగ్గల మీద...

బడి పిల్లల బుగ్గల మీద అంచు స్పష్టంగా లేని, కాస్త పొడిబారిన పాలిపోయిన మచ్చలు చాలా ఇళ్లలో చూస్తుంటాం. కడుపులో నులిపురుగులనీ, కాల్షియం తక్కువైందనీ అంటారు. అవి కారణాలు కావు. ఇది ‘పిటిరియాసిస్ ఆల్బా’ అనే స్వల్పమైన ఎగ్జిమా. మాయిశ్చరైజర్ రాస్తూ, ఎండ నుంచి కాపాడుకుంటే నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది.

మెడికల్ షాపులో మొదలయ్యే చిక్కు

మన యువకుడు మొదట అందరూ చేసేదే చేశాడు. మెడికల్ షాపులో మచ్చ చూపించి ఒక ట్యూబు తెచ్చుకున్నాడు. ఇలా ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ వంటి బలమైన స్టిరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. రాసిన నాలుగు రోజులు పొట్టు తగ్గి, బాగైనట్టే అనిపిస్తుంది. స్టిరాయిడ్ చర్మం రక్షణను తగ్గిస్తుంది కాబట్టి ఫంగస్ వదలదు. చర్మం పలుచబడుతుంది. స్టిరాయిడే చర్మం రంగును తగ్గించగలదు కాబట్టి మచ్చ మరింత తెల్లగా కనిపించి, బొల్లి అనే భయం రెట్టింపవుతుంది. చర్మానికి రాసే స్టిరాయిడ్లలో చాలావాటిని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ట్యూబు మీద పేర్లు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అని ఉంటే సొంతంగా రాయొద్దు.

డాక్టర్ ఏం చేస్తారు?

చర్మవ్యాధి నిపుణులు ముందుగా మచ్చను వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద చీకటి గదిలో చూస్తారు. బొల్లి మచ్చ నీలి తెలుపులో మెరుస్తుంది. శోభి మచ్చలు కొందరిలో పసుపు, బంగారు ఛాయలో కనిపిస్తాయి. అనుమానం తీరకపోతే మచ్చ మీది పొట్టును గాజు పలక మీదికి గీకి, ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఫంగస్ ఉంటే పొట్టి పోగులు, వాటి మధ్య గుండ్రటి కణాల గుంపులు కనిపిస్తాయి. సూది లేదు, రక్తం తీయడం లేదు. మన యువకుడికి ఇవే కనిపించాయనుకుందాం. అంటే శోభి.

చికిత్స సులువే. 2 శాతం కీటోకొనజోల్ షాంపూను తడి ఒంటికి మెడ నుంచి నడుము వరకు, చేతులకు కూడా పట్టించి 5 నిమిషాలు ఉంచి కడిగేయాలి. రోజుకోసారి, 5 రోజులు. కనిపించే మచ్చలకే రాసి వదిలేస్తే చాలదు, ఫంగస్ చుట్టుపక్కల చర్మం మీదా ఉంటుంది. మచ్చలు బాగా విస్తరిస్తే డాక్టర్లు ఫ్లూకొనజోల్ లేదా ఇట్రాకొనజోల్ మాత్రలు కొద్దిరోజులకే రాస్తారు. కీటోకొనజోల్ మాత్రలు కాలేయాన్ని దెబ్బతీసే ప్రమాదం ఉంది కాబట్టి దీనికి వాడరు. తామరకు వాడిన టెర్బినఫిన్ మాత్రలు ఇంట్లో మిగిలాయని మింగితే శోభి మీద పనిచేయవు.

తెలుపు పోలేదంటే మందు పనిచేయనట్టేనా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఫంగస్ ఒకటి రెండు వారాల్లో చనిపోతుంది. రంగు మాత్రం తిరిగి రావడానికి 2, 3 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోగా చుట్టూ ఉన్న చర్మం ఎండకు నల్లబడితే మచ్చ మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాంతో మందు పనిచేయలేదనుకుని డాక్టర్లను మారుస్తారు, మళ్లీ మళ్లీ మాత్రలు మింగుతారు. చూడాల్సింది తెలుపు కాదు, పొట్టు. గీకితే పొట్టు రాలడం లేదు, కొత్త మచ్చలు లేవు అంటే జబ్బు తగ్గినట్టే. ఇక కావాల్సింది ఓపిక.

మరుసటి ఎండాకాలం మళ్లీ రావచ్చు. తరచూ వచ్చేవారు ఉక్కపోత మొదలవగానే నెలకోసారి అదే షాంపూ ఒంటికి వాడేలా డాక్టర్ సలహా తీసుకోవచ్చు. పనినుంచి రాగానే తడిసిన చొక్కా మార్చుకోవడం, శోభి వచ్చేచోట కొబ్బరినూనె పట్టించకపోవడం మేలు చేస్తాయి.

ఒకవేళ బొల్లే అయితే...

ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. కొత్త మచ్చకు, ముఖం మీది మచ్చకు ఫలితం బాగుంటుంది. వేళ్ల చివర్లు, పెదవులు, వెంట్రుకలు తెల్లబడిన మచ్చలు మొండివి. డాక్టర్ పర్యవేక్షణలో స్టిరాయిడ్ లేదా టాక్రోలిమస్ పూతలు, వారానికి రెండు మూడుసార్లు న్యారోబ్యాండ్ యూవీబీ కాంతి చికిత్స ఇస్తారు. అదే స్టిరాయిడ్ ఇక్కడ మందు, శోభిలో హాని... జబ్బు తేల్చుకోవడం ఎందుకు ముఖ్యమో ఇందులోనే ఉంది. మచ్చలో వెంట్రుకల మొదళ్ల చుట్టూ చిన్న చిన్న రంగు చుక్కలు పుట్టడం మంచి సూచన. అందుకు నెలలు పట్టవచ్చు. ఏడాదిపాటు కొత్త మచ్చలు రాకుండా నిలకడగా ఉంటే చర్మం, కణాల మార్పిడి శస్త్రచికిత్సలూ ఉన్నాయి. బొల్లితో పాటు థైరాయిడ్ సమస్య ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ రక్తపరీక్ష చేయిస్తారు. బావంచాల నూనె రాసుకుని ఎండలో కూర్చోవడం వద్దు, బొబ్బలు లేచిపోతాయి. కాలినచోట కొత్త మచ్చలూ రావచ్చు.

మహిళల్లో మచ్చ సరిగ్గా బొట్టుబిళ్ల పెట్టేచోటే మొదలైతే, బిళ్ల వెనుక జిగురులోని రసాయనం కారణం కావచ్చు. వెంటనే ఆ బిళ్లలు మానేసి డాక్టర్‌కు చూపించండి. రబ్బరు చెప్పుల పట్టీ ఆకారంలో పాదం మీద వచ్చే తెల్లమచ్చకూ ఇదే వర్తిస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి?

ఈఎస్ఐ కార్డు ఉన్నవారు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి నుంచి మొదలుపెట్టవచ్చు. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. స్పర్శ లేని మచ్చ అయితే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా సరిపోతుంది. వెళ్లేముందు మచ్చను వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి తేదీతో దాచుకోండి. అప్పటివరకు రాసిన ట్యూబులన్నీ వెంట తీసుకెళ్లండి. ఆ రోజు మచ్చ మీద ఏమీ రాయకండి, పొట్టు పరీక్షకు అది అడ్డొస్తుంది.