నాలుగు లక్షలు అడిగే మెయిల్

"ఆర్యా, మాది చాలా చిన్న సంస్థ. నిధులు లేక ఎన్నో ఇబ్బందులు పడుతున్నాం. మీలాంటి పెద్ద మనసున్నవారు ఆదుకోకపోతే ఈ పేద పిల్లల చదువు ఆగిపోతుంది. జతచేసిన ప్రపోజల్‌ను దయచేసి ఒక్కసారి చూసి, మీకు తోచినంత సాయం చేయగలరని చేతులు జోడించి ప్రార్థిస్తున్నాం."

ఈ మెయిల్ నేను నమూనాగా కూర్చింది. నారాయణపేట జిల్లాలో సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పే ఓ సంస్థ, ఒక కంపెనీ సీఎస్ఆర్ విభాగానికి ప్రపోజల్‌తో పాటు దీన్ని పంపిందనుకుందాం. ఇలాంటి మెయిళ్లు చాలావరకు ఇంగ్లీషులోనే వెళ్తాయి గానీ, వాటి గొంతు మాత్రం మన అర్జీది. సోమవారం కలెక్టరాఫీసు ప్రజావాణిలో ఇచ్చే కాగితం ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. అక్కడ ఆ తీరుకు అర్థముంది. పింఛనుకో ఇంటికో అర్జీ పెట్టేవాళ్లకు కష్టమే అర్హత, కాబట్టి దాన్ని చెప్పుకోవాలి. సీఎస్ఆర్ ఆఫీసులో లెక్క వేరు.

కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం ఏడాదికి ఐదు కోట్ల రూపాయలు, ఆపైన నికరలాభం వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బును చూసే ఉద్యోగికి మన మీద ఎంత జాలి కలిగినా, సొంతంగా మంజూరు చేసే అధికారం సాధారణంగా ఉండదు. ప్రతిపాదన నచ్చితే పైవాళ్లకు ఒకటి రెండు పేజీల నోట్ రాయాలి. పని ఎక్కడ, ఎంతమందికి, ఎంత ఖర్చు, ఫలితం ఏమిటి, సంస్థకు చట్టపరమైన అర్హత ఉందా అన్నవి అందులో ఉండాలి. "వాళ్లు చాలా బతిమాలారు" అని నోట్‌లో రాయలేరు కదా. కవర్ మెయిల్ చేయాల్సిన పని ఆ నోట్‌కు సరుకు అందించడం.

ఆ కంటితో పై మెయిల్‌ను మళ్లీ చదివితే, వేడుకోలు ఉన్న ప్రతిచోటా ఒక సమాచారం తప్పిపోయి ఉంది. "చాలా చిన్న సంస్థ" అన్నచోట ఎన్ని ఊళ్లు, ఎన్నేళ్లు అన్నది లేదు. "ఇబ్బందులు పడుతున్నాం" అన్నచోట ఏం సాధించారో లేదు. "మీకు తోచినంత" అన్న మాట వినయంగా వినిపిస్తుంది గానీ, చదివేవారికి అర్థమయ్యేది బడ్జెట్ వేసుకోలేదని. అన్నిటికంటే నష్టం చేసేది "మీరు ఆదుకోకపోతే ఆగిపోతుంది" అన్నది. ఈ ఒక్క వాక్యంతో సంస్థ తనకు వేరే ఆదాయం లేదని, వచ్చే ఏడాది మళ్లీ ఇదే మాట అంటానని ఒప్పుకున్నట్టయింది. పైగా, కాదంటే పిల్లల ఉసురు తగులుతుందన్నంత బరువు అవతలివాళ్ల మీద పెట్టింది. ఇందులో గౌరవం ఎక్కడుంది?

ఇప్పుడు అదే సంస్థ, అదే పని, తిరగరాసిన మెయిల్. సబ్జెక్ట్ లైన్: "సాయంత్రపు చదువు కేంద్రాలు, నారాయణపేట జిల్లా: జూన్ నుంచి మార్చి వరకు రూ. 4 లక్షల ప్రతిపాదన".

"ప్రోగ్రాం మేనేజర్ గారికి, నమస్కారం.

మీ కంపెనీ ప్రాథమిక విద్యకు, ముఖ్యంగా చదవడం నేర్పే కార్యక్రమాలకు నిధులిస్తోందని మీ సీఎస్ఆర్ నివేదికలో చూశాం. అదే రంగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్న మేము, నాలుగు గ్రామాల్లో 120 మంది పిల్లల కోసం ఈ ప్రతిపాదన పంపుతున్నాం.

గత జూన్‌లో మా కేంద్రాల్లో చేరిన 3-5 తరగతుల పిల్లలు 118 మంది. రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదవగలిగినవారు అప్పుడు 31 మంది. మార్చికి 109 మంది మిగిలారు, వారిలో 74 మంది చదవగలిగారు. మిగతా తొమ్మిది మంది తల్లిదండ్రులతో కలిసి వలస వెళ్లారు.

వచ్చే విద్యాసంవత్సరానికి మొత్తం ఖర్చు రూ. 4,80,000. అందులో రూ. 80,000 గ్రామస్థుల విరాళాలుగా సమకూరాయి. మీ నుంచి రూ. 4,00,000 కోరుతున్నాం.

సీఎస్ఆర్-1, 12ఏ, 80జీ నమోదు పత్రాలు, మూడేళ్ల ఆడిట్ నివేదికలు జతచేశాం. వీలైతే ఏదైనా సాయంత్రం ఒక కేంద్రాన్ని చూడటానికి రండి. అదనపు వివరాలు కావాలంటే మా కోఆర్డినేటర్‌కు ఫోన్ చేయవచ్చు, నంబరు కింద ఉంది. మీ సమయానికి ధన్యవాదాలు."

బతిమాలడం పోయినా మర్యాద ఎక్కడా తగ్గలేదు. అవతలివాళ్ల నివేదిక చదివి రావడం, అడిగేదేమిటో తేల్చి చెప్పడం, కాగితాలు ముందే ఇవ్వడం, ఇవన్నీ వాళ్ల సమయానికి ఇచ్చిన విలువ. "ఏదైనా సాయంత్రం రండి" అనడం మరీ ముఖ్యం. దాచేదేమీ లేదని చెప్పడానికి అంతకంటే పొట్టి మాట దొరకదు.

మొత్తం ఖర్చు 4,80,000 ఎలా వచ్చిందో ప్రపోజల్‌లో ఉంటుంది: నలుగురు టీచర్లకు నెలకు ఆరువేల చొప్పున పది నెలలకు 2,40,000, కోఆర్డినేటర్‌కు 1,50,000, పుస్తకాలకు 60,000, పరీక్షలకు, ప్రయాణాలకు 30,000. మెయిల్‌లో ఇదంతా పెట్టనక్కర్లేదు, కానీ రెండుచోట్లా మొత్తం ఒక్కటే ఉండాలి. మెయిల్‌లో నాలుగు లక్షలని, జతచేసిన ఫైల్లో పాత ముసాయిదా తాలూకు నాలుగున్నర లక్షలని ఉంటే, ఎంత ధీమాగా రాసినా ఫలితం ఉండదు. సంఖ్యలు సరిపోల్చడం పంపేముందు చివరి పని.

ఆ తొమ్మిది మంది పిల్లల సంగతి తీసేద్దామని సంస్థలో ఎవరో ఒకరు తప్పక అంటారు. తీయకూడదు. పాలమూరు వలసల గురించి కొంచెం తెలిసినవారెవరైనా, ఏడాది పొడవునా ఒక్క పిల్లాడూ తగ్గలేదంటే అనుమానిస్తారు. తగ్గిన సంఖ్యను కారణంతో సహా చెబితే మిగతా సంఖ్యల్ని నమ్ముతారు.

జూన్-మార్చి గడువు కూడా ఊరికే పెట్టింది కాదు. కంపెనీ ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఏడాదిలో అయిపోయే పనికి ఇవ్వాల్సిన సీఎస్ఆర్ డబ్బు మిగిలిపోతే, దాన్ని ఆరు నెలల్లోగా చట్టం చెప్పిన నిధికి జమచేయాలి. కాబట్టి ఆ తేదీలోపు ముగిసే పని వాళ్లకు సౌకర్యం. ఇక సీఎస్ఆర్-1 నమోదు లేని సంస్థ ద్వారా 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలు కొత్తగా ఈ పనులు చేయించలేవు. బయటి సంస్థకు అదే తరహా పనిలో కనీసం మూడేళ్ల అనుభవమూ ఉండాలి. "ఆరేళ్లుగా" అన్న ఒక్క మాట ఆ అర్హతను నోట్ రాసేవారి చేతికి అందిస్తుంది. నమోదు లేనప్పుడు మెయిల్ ఎంత బాగున్నా పని జరగదు, ముందు ఆ ఫారం నింపుకోవాలి.

బతిమాలొద్దన్నారు కదా అని కొందరు రెండో అంచుకు పోతారు. "మాకు అవకాశమిస్తే జిల్లా రూపురేఖలే మారుస్తాం", "మీ కంపెనీకి గొప్ప పేరు తెస్తాం" అని రాస్తారు. వేడుకోలులాగే ఇదీ ఖాళీయే, నోట్‌లోకి ఎత్తుకోవడానికి ఇందులోనూ ఏమీ లేదు. ఆ వాక్యాన్ని వేరే సంస్థ పేరుతో పంపినా సరిపోతుందా అని చూసుకోవాలి. సరిపోతే కొట్టేయాలి. "109 మందిలో 74" అన్నది ఇంకెవరూ రాయలేరు.

పంపాక రెండు మూడు వారాలు ఆగి ఒకసారి గుర్తుచేయవచ్చు. అప్పుడూ పాత గొంతు తొంగిచూస్తుంది: "మా మెయిల్ చూసే తీరిక తమకు దొరికిందో లేదో..." దానికి బదులు, "ఫలానా తేదీన పంపిన ప్రతిపాదన గురించి రాస్తున్నాం. ఈ త్రైమాసికంలో దీన్ని పరిశీలించే వీలుందా? లేకపోతే, మళ్లీ ఎప్పుడు పంపమంటారో చెప్పండి" అనొచ్చు. కాదనడానికి అవతలివాళ్లకు సులువైన దారి ఇచ్చినందుకే చాలాసార్లు జవాబు వస్తుంది. "ఈ ఏడాది బడ్జెట్ అయిపోయింది, జనవరిలో పంపండి" అని వస్తే సంతోషంగా ఫైల్ చేసుకోవాల్సిందే. జనవరిలో రాసే మెయిల్‌కు మొదటి వాక్యం వాళ్లే ఇచ్చారు.